చెక్కు ఫోటోలో అంకెల మొత్తం, అక్షరాల మొత్తం: రెండింటినీ ఒకరికొకరు వినపడకుండా చదివించండి

ప్రశ్న: "మాది ఎరువులు, పురుగుమందుల పంపిణీ. మా కుర్రాళ్లు ఊళ్లలోని డీలర్ల దగ్గర చెక్కులు తీసుకుని, అక్కడికక్కడే ఫోటో తీసి ఆఫీసుకు పంపుతారు. రోజుకు ఎనభై దాకా వస్తాయి. ఫోటో నుంచి ఎవరి పేరున రాశారో, తేదీ, అంకెల్లో మొత్తం, అక్షరాల్లో మొత్తం తీసి, ఆ రెండు మొత్తాలూ ఒకటేనా అని చూసే ప్రోగ్రాం పైథాన్‌లో రాస్తున్నాను. ఓసీఆర్‌కు చెక్కంతా ఇస్తే ఏదేదో వస్తోంది. ఎక్కడ తప్పు చేస్తున్నాను?"

చెక్కంతా ఒకేసారి ఇవ్వడమే తప్పు. చెక్కును ముందు నిటారుగా సరిచేసి, నాలుగు ముక్కలుగా కత్తిరించండి: పేరు గీత, తేదీ గళ్లు, అంకెల పెట్టె, అక్షరాల గీతలు. ఒక్కో ముక్కను విడిగా చదివించండి. అక్షరాల్లో వచ్చిన మొత్తాన్ని మీరే రాసుకున్న చిన్న ఫంక్షన్‌తో సంఖ్యగా మార్చి, అంకెల్లో వచ్చినదానితో పోల్చండి. రూపాయి తేడా వచ్చినా మనిషి చేతికి వెళ్లాలి. ఒకదాన్ని చూసి ఇంకొకదాన్ని దిద్దే పని ప్రోగ్రాం చేత ఎప్పుడూ చేయించకండి. ఈ చివరి మాటే అన్నిటికన్నా ముఖ్యం. నేను దీన్ని డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను కనుక, అక్కడి నుంచే మొదలుపెడతాను.

బ్యాంకులో క్లియరింగ్ విభాగంలో పదకొండేళ్లు పనిచేసి బయటికి వచ్చాక, టోకు వ్యాపారుల కోసం ఇలాంటి ప్రోగ్రాంలు రాయడం మొదలుపెట్టాను. మొదటిసారి రాసినప్పుడు నాకు ఒక తెలివైన ఆలోచన వచ్చింది. పార్టీ మనకు ఎంత బాకీ ఉందో ఖాతాలో ఉంటుంది కదా, చదవడంలో అనుమానం వచ్చినప్పుడు ఆ మొత్తాన్ని సాయంగా వాడుకుందాం అనుకున్నాను. అక్షరాల ముక్కలో ఒక మాట ఎయిటీనో ఎయిటో తేలకపోతే, అంకెల్లో ఉన్నదానికీ బిల్లుకీ ఏది సరిపోతే అదే తీసుకొమ్మని రాశాను. చూపించడానికి ఫలితాలు బ్రహ్మాండంగా ఉన్నాయి. దాదాపు అన్ని చెక్కులూ "సరిపోయాయి" అని వచ్చేవి.

మూడో వారంలో ఒక చెక్కు బ్యాంకు నుంచి వాపసు వచ్చింది. పెట్టెలో 1,08,500 అని ఉంది. గీత మీద మాత్రం "వన్ లాఖ్ ఎయిటీ థౌజండ్ ఫైవ్ హండ్రెడ్ ఓన్లీ" అని ఉంది, అంటే 1,80,500. బిల్లు 1,08,500కే. రాసినవాడు ఎయిట్ అనబోయి ఎయిటీ అన్నాడు. నా ప్రోగ్రాం బిల్లును చూసింది, అంకెలను చూసింది, అక్షరాల్లోని ఆ ఒక్క మాటను తనంతట తానే "ఎయిట్" చేసేసుకుంది. రెండూ ఒకటే అని పచ్చ టిక్కు పెట్టింది. ఏ చెక్కును పట్టుకోవడానికి రాశానో సరిగ్గా ఆ చెక్కునే అది దాచిపెట్టింది.

అంకెలూ అక్షరాలూ ఇద్దరు సాక్షుల్లాంటివి. ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి అడిగితే ఒకరి మాట విని ఇంకొకరు చెబుతారు. అప్పుడు మాటలు కలిశాయి అనడానికి విలువ ఉండదు. బ్యాంకుల్లో వాడే పెద్ద పద్ధతుల్లో అంకెల పఠనాన్ని, అక్షరాల పఠనాన్ని కలిపి ఒక మొత్తానికి వస్తారు. అక్కడ ఉద్దేశం వేరు, చెక్కు మొత్తం ఎంతో కనుక్కోవడం. మీకు కావలసింది రెండూ విడివిడిగా ఏం చెబుతున్నాయో తెలుసుకోవడం. ఈ రెండు పనులూ పైకి ఒకేలా కనిపిస్తాయి కానీ ఒకటి కాదు.

ఇప్పుడు చిత్రాన్ని చూసి చదివే పెద్ద మోడళ్లు వచ్చాయి. చేతిరాతను పాత ఓసీఆర్ కన్నా ఎంతో బాగా చదువుతాయి, నేనూ వాడుతున్నాను. కానీ వాటికి చెక్కంతా చూపిస్తే పై తప్పే ఇంకా నున్నగా చేస్తాయి. అంకెలు చూసి అక్షరాలను సర్ది చెప్పడం వాటి స్వభావంలోనే ఉంది. కాబట్టి వాటికైనా ముక్కనే ఇవ్వండి, ఒక్కో ముక్కకు ఒక్కో పిలుపు. అక్షరాల ముక్కలో అంకెల పెట్టె అంచు కూడా కనబడకూడదు. "సంఖ్య ఎంత" అని అడగవద్దు. "ఉన్నది ఉన్నట్టు, అక్షరదోషాలతో సహా రాయి" అని అడగండి. సంఖ్యగా మార్చడం మీ ఫంక్షన్ పని.

ఫోటో సంగతి

చాలామంది మోడల్ మార్చడానికి నెలలు ఖర్చుపెడతారు, ఫోటో తీసే పద్ధతి మార్చడానికి ఒక పూట పెట్టరు. మీ కుర్రాళ్లకు మూడు మాటలు చెప్పండి: చెక్కును ముదురు రంగు బల్ల మీద గానీ సంచి మీద గానీ పరిచి తీయాలి, ఫ్లాష్ వేయకూడదు, నాలుగు మూలలూ కనబడాలి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే అది కుదించి పంపుతుంది, సన్నటి పెన్ను గీతలు అక్కడే పోతాయి. డాక్యుమెంట్‌గా జతచేసి పంపమనండి.

నాలుగు మూలలు దొరికితే వాలును సరిచేసి ఒకే కొలతకు తేవడం సులువు. చెక్కు కాగితం బదులు దాని చిత్రాన్నే క్లియరింగ్‌కు పంపే పద్ధతి సీటీఎస్. దాని సీటీఎస్-2010 ప్రమాణం ప్రకారం అచ్చయిన చెక్కు సుమారు 202 మిల్లీమీటర్ల పొడవు, 92 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. అంగుళానికి 200 చుక్కల లెక్కన అది దాదాపు 1590 × 724 పిక్సెళ్లు. నేను ప్రతి ఫోటోనూ ఆ కొలతకే తెస్తాను. తేదీ గళ్లు, రూపాయి గుర్తున్న పెట్టె, పేరు గీత అన్ని బ్యాంకుల చెక్కుల్లోనూ చాలావరకు ఒకే చోట ఉంటాయి. చాలావరకు అన్నాను, పూర్తిగా కాదు. అందుకే ముక్కను కొంచెం వెడల్పుగా కత్తిరించి, లోపల పెట్టె అంచు గీతను వెతుక్కుని మళ్లీ కత్తిరించాలి.

చెక్కు కాగితం మీద సన్నటి రంగు అల్లికలు అచ్చువేసి ఉంటాయి. మోసం కష్టం కావడానికి పెట్టినవి మన పనికీ అడ్డం వస్తాయి. ఇక్కడ ఒక చిన్న కిటుకు. ఫోటోను నేరుగా నలుపు తెలుపు చేయకుండా ఎరుపు రంగు పొరను మాత్రమే తీసుకుని చూడండి. నీలం పెన్నుతో రాసినది ఆ పొరలో ముదురుగా నిలబడుతుంది. గులాబీ, నారింజ రంగుల అల్లిక దాదాపు తెల్లబడిపోతుంది. నేల నీలంగా ఉన్న చెక్కులకు ఇది పెద్దగా సాయపడదు, అక్కడ మామూలు గ్రే చిత్రమే నయం. రెండూ చదివించి, రెండు పఠనాలూ ఒకటైతేనే తీసుకోవడం ఇంకా మంచిది.

అంకెల పెట్టె

ఇక్కడ వచ్చే తప్పులు ఆశ్చర్యంగా కొన్నే, మళ్లీ మళ్లీ అవే వస్తాయి. మొదటిది మన వాళ్ల అలవాటు: మొత్తం తర్వాత వేసే `/-`. 45,600/- అని రాస్తే ఆ వాలు గీతను ఒకటిగా చదివి 456001 అంటుంది. రెండోది పెట్టె ముందే అచ్చువేసిన రూపాయి గుర్తు. ముక్కలో అది పడితే 7గానో 2గానో మారి, మొత్తానికి ముందు ఒక అంకె చేరుతుంది. మూడోది పైసల చుక్క. 45,600.00లో చుక్క మసకబారితే అది 45,60,000 అయిపోతుంది.

మూడింటికీ మందు కామాలే. మన లెక్కలో కామాలు చివరి నుంచి మూడు అంకెలకు ఒకటి, ఆపై రెండేసి అంకెలకు ఒకటి పడతాయి. అందుకే చదివేటప్పుడు కామాలను పారేయకుండా ఉంచుకోండి. "45,6001" అని వస్తే కామా తర్వాత నాలుగు అంకెలు ఉన్నాయి, ఏదో తోక అతుక్కుంది. "745,600" అని వస్తే కామాకు ముందు మూడు అంకెలు ఉండవు, తల అతుక్కుంది. కామాలు అసలే వేయనివారు ఉంటారు, పాశ్చాత్య పద్ధతిలో వేసేవారు కూడా అక్కడక్కడా ఉంటారు. వాళ్లవి అనుమానం కింద మనిషికి వెళతాయి. వెళ్లనివ్వండి.

మళ్లీ చెబుతున్నాను, తోక అతుక్కుంది అని తెలిసినా ప్రోగ్రాం దాన్ని కోసేయకూడదు. "చివర `/-` కావచ్చు" అని పక్కన ఒక మాట రాసి చూపించాలి, అంతే.

అక్షరాల గీత

అసలు పని ఇక్కడే. ముందు చదివినదాన్ని చిన్న అక్షరాల్లోకి తెచ్చి, `rupees`, `and`, `only` లాంటి మాటలు తీసేయండి. తర్వాత రకరకాల స్పెల్లింగులను ఒక రూపానికి తేవాలి. `fourty`, `ninty`, `lac`, `lacs`, `lakhs`, `thousands` లాంటివి మీ పాత చెక్కులు వంద తిరగేస్తే జాబితాగా దొరుకుతాయి. ఈ జాబితా చేత్తో రాసినదై ఉండాలి. "దగ్గరగా ఉన్న మాట ఏదైతే అది తీసుకో" అని ఉజ్జాయింపు పోలికకు వదిలేస్తే `eight`కూ `eighty`కీ ఒక్క అక్షరమే తేడా, `sixty`కీ `sixteen`కూ కూడా ఎంతో దూరం లేదు. స్పెల్లింగు దిద్దే ఆ సాయమే మొత్తాన్ని మార్చేస్తుంది.

తర్వాత సంఖ్యగా మార్చే ఫంక్షన్. `SMALL`లో ఒకటి నుంచి పంతొమ్మిది వరకు, ఇరవై నుంచి తొంభై వరకు పదుల మాటలు ఉంటాయి. `BIG`లో వెయ్యి, లక్ష, కోటి.

```python
def to_number(tokens):
    total = part = 0
    last = 10**9
    for t in tokens:
        if t in SMALL:
            part += SMALL[t]
        elif t == "hundred":
            part *= 100
        elif t in BIG:
            if part == 0 or BIG[t] >= last:
                return None
            total += part * BIG[t]
            last, part = BIG[t], 0
        else:
            return None
    return total + part

def checked(tokens):
    n = to_number(tokens)
    return n if n and to_words(n) == tokens else None
```

రెండో ఫంక్షన్ చూడటానికి చిన్నది కానీ బరువంతా దానిదే. మొదటి ఫంక్షన్ చాలా ఉదారమైనది, `twenty fifteen` అన్నా కూడి 35 అంటుంది. అందుకే వచ్చిన సంఖ్యను `to_words`తో మళ్లీ మాటల్లోకి మార్చి, మొదట చదివిన మాటలతో అక్షరాలా సరిపోతేనే ఒప్పుకుంటాను. 35ను మాటల్లో పెడితే `thirty five` వస్తుంది, చదివినది అది కాదు, కాబట్టి చెల్లదు. ఒక మాట జారిపోయినా, రెండుసార్లు చదివినా ఎక్కువసార్లు ఇక్కడే బయటపడుతుంది. `fifteen hundred` అని రాసేవారిది కూడా ఇక్కడ ఆగిపోతుంది, దానికొక మినహాయింపు రాసుకోవచ్చు. `to_words`కు ఎక్కడి నుంచో లైబ్రరీ తెస్తే అది లక్షలకు బదులు మిలియన్లు ఇవ్వవచ్చు. ఇరవై వరుసల పని, మీరే రాసుకోండి.

పోల్చేటప్పుడు రెండు మొత్తాలనూ పైసల్లోకి మార్చి పూర్ణసంఖ్యలుగా పోల్చండి. దశాంశాలతో పోల్చవద్దు. పైసలు రాసిన చెక్కులు తక్కువే అయినా, ఆ తక్కువ వాటి దగ్గరే చికాకు వస్తుంది. పై ఫంక్షన్‌కు ఇచ్చే ముందే `paise` అనే మాట ఉందేమో చూసి ఆ భాగాన్ని వేరుచేయాలి.

తెలుగులో రాసిన చెక్కులు

చెక్కును ఇంగ్లీషులో, హిందీలో, ప్రాంతీయ భాషలో దేనిలోనైనా రాయవచ్చు. ఊళ్ల డీలర్లంటున్నారు కాబట్టి మీకు తెలుగువి తప్పక వస్తాయి. వీటికి వేరే ఫంక్షన్ కావాలి, ఎందుకంటే మన సంఖ్యలు సంధులు చేసుకుంటాయి. "వెయ్యిన్నూట పదహారు" అన్నది ఎలా విడదీయాలో ఇంగ్లీషు పద్ధతికి తెలియదు. వంద అన్నా, నూరు అన్నా, నూట అన్నా, వందల అన్నా ఒకటే. లక్ష, లక్షా, లక్షల ఒకటే. ఐదు, అయిదు. పంతొమ్మిది, పందొమ్మిది. యాభై, ఏభై. ఇవన్నీ ఒక పట్టికలోకి ఎక్కించాలి. చివర "మాత్రమే" తీసేయాలి.

చేతిరాతలో ఇరవైకీ అరవైకీ తేడా మొదటి అక్షరమే. ఎనభై, ఏభై అంతకన్నా ప్రమాదం. తొందరగా రాసిన ఎనభైలో నడిమి అక్షరం నలిగిపోతే మనుషులే పొరబడతారు. అయినా మన లెక్కకు దీనివల్ల నష్టం తక్కువ. ఎందుకో చూడండి. అంకెల్లో కలగాపులగమయ్యేవి 1, 7, 3, 8, 0, 6. మాటల్లో కలగాపులగమయ్యేవి ఇరవై, అరవై, ఎనభై, ఏభై. అంటే 20ని 60గా చదవడం మాటల్లో జరిగే పొరపాటు, అంకెల్లో 2ను 6గా చదవడం అరుదు. ఇద్దరు సాక్షులూ ఒకే రకంగా పొరబడరు. విడివిడిగా చదివినంతకాలం, రెండూ కలిశాయంటే చదవడం సరిగ్గా జరిగిందని నమ్మవచ్చు.

ఇంకొకటి తెలుగువారికే అర్థమయ్యే చిక్కు. "లక్షా ఎనభై" అని మనం నోటితో అంటే అది లక్షా ఎనభై వేలు. చెక్కు మీద కూడా అలాగే రాసి ఊరుకునేవారు ఉన్నారు. ఫంక్షన్ దాన్ని 1,00,080గా మారుస్తుంది, పెట్టెలో 1,80,000 ఉంటుంది. ఇక్కడ ప్రోగ్రాంకు "పాపం, వేలు అనడం మరిచాడు" అనే జాలి ఉండకూడదు. బ్యాంకులో ఆ చెక్కు ఎదురుగా కూర్చున్న మనిషికి ఆ జాలి ఉంటుందని హామీ లేదు. లక్షన్నర, రెండున్నర లక్షలు కూడా ఇదే కోవ. వాటి అర్థంలో సందేహం లేకపోయినా నేను ఫంక్షన్‌లో చేర్చలేదు, మనిషికే పంపుతాను.

తేదీ

ఎనిమిది గళ్లు: రోజుకు రెండు, నెలకు రెండు, ఏడాదికి నాలుగు. గడికి ఒక అంకె చొప్పున విడిగా చదివించండి. అయిదో గడిలో 2, ఆరో గడిలో 0 ఉండి తీరాలి. అవి రాకపోతే చదవడం తప్పని అనుకోవద్దు, ముందు మీ కత్తిరింపు ఒక గడి పక్కకు జరిగిందేమో చూడండి. ఊరికే దొరికిన కొలబద్ద అది. నా దగ్గర తేదీ తప్పుల్లో పెద్ద భాగం అంకె చదవలేక వచ్చినవి కావు, గడి జరిగి వచ్చినవే.

తర్వాత తేదీ ఉన్నదేనా అని చూడాలి, నవంబర్ 31 లాంటివి రాసేవారు ఉన్నారు. చెక్కు మీద వేసిన తేదీ నుంచి మూడు నెలలు దాటితే చెల్లదు. 2012 ఏప్రిల్ 1కి ముందు ఆరు నెలలు ఉండేది, పాత అలవాటున ఇంకా ఆరు నెలలనుకునే వ్యాపారులను నేను చూస్తూనే ఉన్నాను. తేదీ ఇంకా రాకపోతే అది ముందు తేదీ చెక్కు, ఆ రోజు వరకు బ్యాంకుకు పంపకుండా ఉంచాలి. మీ వ్యాపారంలో పంట చేతికొచ్చే రోజుకు తేదీ వేసి ఇచ్చేవే ఎక్కువ కాబట్టి ఇది మామూలు స్థితి, తప్పు కాదు. జనవరిలో మాత్రం ఒక కన్నేసి ఉంచండి. కొత్త ఏడాది వచ్చినా చెయ్యి పాత ఏడాదినే రాస్తుంది. జనవరి 5న ఇచ్చిన చెక్కు మీద పోయిన ఏడాది జనవరి 5 ఉంటే అది ఏడాది పాత చెక్కు. ప్రోగ్రాం దాన్ని "కాలం దాటింది" అని సరిగ్గానే చెబుతుంది. దాన్ని చూసిన గుమాస్తా "చదవడంలో తప్పు" అని కొట్టిపారేస్తాడు. నిజానికి తప్పు చెక్కులోనే ఉంటుంది.

పేరు

దీని గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే మీ విషయంలో ఇది చదవడం కాదు, సరిచూడటం. మీరు వసూలు చేసే చెక్కుల మీద ఉండాల్సింది మీ సంస్థ పేరే. అందుకని చదివినదాన్ని మీ సంస్థ పేరుకు ఎంత దగ్గరగా ఉందో చూస్తే చాలు. లక్ష్మిని రెండు రకాలుగా, వేంకటేశ్వరను నాలుగు రకాలుగా, శ్రీని మూడు రకాలుగా ఇంగ్లీషులో రాస్తారు, ఆ తేడాలు వదిలేయవచ్చు. "ట్రేడర్స్" బదులు "ట్రేడింగ్ కంపెనీ" ఉంటే వదలకూడదు, అది వేరే ఖాతా కావచ్చు. పేరు రాయాల్సిన గీత ఖాళీగా ఉన్న చెక్కులు కూడా వస్తాయి, "మీరే రాసుకోండి" అని ఇచ్చేస్తారు. అప్పుడు ఓసీఆర్ పక్కనే అచ్చువేసి ఉన్న "ఆర్ బేరర్" మాటను పేరుగా పట్టుకుంటుంది. గీత మీద పెన్ను సిరా ఉందా లేదా అని ముందు చూసి, లేకపోతే చదివించకుండానే "పేరు లేదు" అనండి.

తేడా వచ్చినప్పుడు ఏం చేయాలి

ఒక చిన్న లెక్క. అంకె అంకెకు వందకు తొంభై తొమ్మిది సరిగ్గా చదివే మంచి పద్ధతి మీ దగ్గర ఉందనుకుందాం. ఆరు అంకెల మొత్తం పూర్తిగా సరిగ్గా రావడం వందకు 94 సార్లే. తేదీ ఎనిమిది అంకెలు కూడా కలిపితే వందకు 87కు దిగుతుంది. ఎనభై చెక్కుల్లో పది చెక్కుల దాకా ఎక్కడో ఒకచోట ప్రశ్న వస్తుంది. ఇది మీ ప్రోగ్రాం లోపం కాదు, ఈ పని స్వరూపమే అంత. పది చెక్కులు చూడటానికి మనిషికి ఐదు నిమిషాలు పట్టేలా తెరను తయారు చేస్తే సరిపోతుంది.

ఆ తెరలో అంకెల ముక్క, అక్షరాల ముక్క ఒకదాని కింద ఒకటి పెద్దగా కనబడాలి. ప్రోగ్రాం చదివిన సంఖ్యలు వాటి పక్కన చిన్నగా ఉండాలి. బిల్లు మొత్తం మాత్రం చూపించకండి. చూపిస్తే గుమాస్తా కూడా నా మొదటి ప్రోగ్రాంలాగే అయిపోతాడు, కళ్లు బిల్లును చూసి చెక్కును చదువుతాయి. బిల్లుతో పోల్చడం ఆ తర్వాతి మెట్టు.

ఫలితాలు మూడు రకాలుగా ఉండాలి: కలిశాయి, కలవలేదు, చదవలేకపోయాను. చివరి రెండింటినీ ఒకే ఎర్ర గుర్తు కింద కలిపేస్తే ఎవరికీ ఉపయోగం ఉండదు. చదవలేనిదానికి కుర్రాడు ఇంకా డీలరు కొట్లో ఉండగానే మళ్లీ ఫోటో తీయమనాలి. కలవనిదానికి డీలరు చేత కొత్త చెక్కు రాయించాలి.

కొత్త చెక్కే ఎందుకంటే, సీటీఎస్ క్లియరింగ్‌కు వెళ్లే చెక్కులో పేరు గానీ, అంకెలు గానీ, అక్షరాలు గానీ దిద్దితే చెల్లదు. కొట్టేసి పక్కన సంతకం పెట్టే పాత పద్ధతి తేదీ విషయంలో మాత్రమే మిగిలింది. "18వ సెక్షన్ ఉంది కదా, అక్షరాల్లో ఉన్నదే లెక్క" అని వాదించేవారు ఉంటారు. నిజమే, 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం అంకెలకూ అక్షరాలకూ తేడా ఉంటే అక్షరాల్లో ఉన్న మొత్తమే చెల్లాల్సిన మొత్తం. కానీ కౌంటరు అవతల జరిగేది వేరు. అంకెలకూ అక్షరాలకూ పొంతన లేదనే కారణం రాసి చెక్కును వాపసు చేయడం రివాజు. పైగా నా 1,08,500 చెక్కు విషయంలో ఆ సెక్షన్ ప్రకారం నడిస్తే పార్టీ ఖాతా నుంచి 72,000 ఎక్కువ పోవాలి. అది ఎవరికీ అక్కర్లేని గొడవ.

ఆ 72,000 గురించి ఒక మాట. పాత అకౌంటెంట్లకు తెలిసిన చిట్కా ఇది: రెండు అంకెలు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిదితో నిశ్శేషంగా పోతుంది. 1,80,500 లోంచి 1,08,500 తీస్తే 72,000, అంటే 9 × 8,000. నా తెర మీద కలవని ప్రతి చెక్కు కింద ఒక చిన్న సూచన వస్తుంది. తేడా తొమ్మిదితో పోతే "అంకెలు తారుమారు కావచ్చు". ఒకటి ఇంకొకదానికి సరిగ్గా వంద రెట్లయితే "పైసల చుక్క పోయి ఉండవచ్చు". పెట్టెలోని సంఖ్య చివరి 1 తీసేస్తే అక్షరాలతో సరిపోతే "`/-`ను ఒకటిగా చదివి ఉండవచ్చు". సూచన చూసి గుమాస్తా కన్ను నేరుగా ఆ చోటికే వెళుతుంది. నిర్ణయం మాత్రం ముక్కను చూసి అతనే తీసుకుంటాడు.

కలిశాయి అన్నంత మాత్రాన చెక్కు మంచిదని కాదు. "ఫైవ్ థౌజండ్" ముందు ఖాళీ వదిలితే ఎవరైనా "సిక్స్‌టీ" చేర్చవచ్చు, పెట్టెలో 5 ముందు 6 చేర్చవచ్చు. రెండూ చక్కగా కలుస్తాయి. సిరా తేడా, ఇరుకున దూర్చిన మాట ఈ ప్రోగ్రాం కంటికి కనబడవు.

ఇక పరీక్షించడం. మీ దగ్గర నిజంగా తేడా ఉన్న చెక్కులు ఏడాదికి అయిదారు కూడా దొరకవు, వాటితో ఏమీ తేలదు. తేడా చెక్కులను మీరే తయారుచేయండి. పాత చెక్కులు రెండు వందలు తీసుకుని, ఒక చెక్కు అంకెల ముక్కను ఇంకో చెక్కు అక్షరాల ముక్కతో జతకట్టండి. మొత్తాలు వేరైన జతలన్నీ "కలవలేదు" అనో "చదవలేకపోయాను" అనో రావాలి. ఒక్కటి "కలిశాయి" అని వచ్చినా, ఎక్కడో ఒక సాక్షి ఇంకొకరి మాట వింటున్నాడు, ఆ దారి వెతికి మూసేయాలి. జతలు కట్టేటప్పుడు బాగా దూరంగా ఉన్న మొత్తాలు కాకుండా 18,000తో 80,000, 60,500తో 16,500 లాంటివి ఏరి పెట్టండి. నా మొదటి ప్రోగ్రాంను ఆ తర్వాత ఇలా పరీక్షిస్తే, కట్టిన నలభై దొంగ జతల్లో ఏడింటికి పచ్చ టిక్కు పెట్టింది.